బెరుకా, ఇబ్బందా?

పెళ్లిచూపులకు ఒక పద్ధతుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, కాఫీలు ఎప్పుడు రావాలో, ఏ ప్రశ్న ఎవరు అడగాలో రెండు వైపులవాళ్లకూ ముందే తెలుసు. నచ్చకపోతే చెప్పడానికి కూడా "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అనే మాట ఒకటి సిద్ధంగా ఉంటుంది. ప్రేమించుకున్నవాళ్లు ఒకరినొకరు ఇంటికి తీసుకెళ్లే మొదటి రోజుకు ఇవేవీ లేవు. వచ్చిన అమ్మాయి కొడుకు స్నేహితురాలా, కాబోయే కోడలా అన్నది ఇంట్లో ఎవరూ తేల్చి చెప్పరు. ఆంటీ, అంకుల్ అంటే దూరం పెట్టినట్టుంటుందా? అత్తయ్య, మామయ్య అంటే తొందరపడినట్టవుతుందా? కాళ్లకు దండం పెట్టాలా, చేతులు జోడిస్తే సరిపోతుందా? చెప్పులు విప్పేలోపే ఇన్ని సందేహాలు.

కాబట్టి ఆ రోజు వచ్చిన మనిషి ముభావంగా ఉంటే ఇంట్లోవాళ్లు "కొత్త కదా, బెరుకు" అని సర్దుకుంటారు. తీసుకొచ్చిన అబ్బాయో అమ్మాయో కూడా అదే అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కొన్నిసార్లు మాత్రం ఆ మౌనం వెనక ఉన్నది బెరుకు కాదు, ఆ ఇంట్లో తనకు ఎదురైన ఏదో ఒక మాటో, చూపో, పద్ధతో. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి: రెండు ముక్కల్లో జవాబులు, కంచంలో మిగిలిపోయే అన్నం, అతికించుకున్నట్టుండే నవ్వు. ముఖం చూసి పోల్చుకోవచ్చులే అనుకుంటే కుదరదు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి అంతవరకూ వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టి 2019లో ఒక పెద్ద సమీక్ష ప్రచురించారు. ఒక్క ముఖకవళిక ఆధారంగా లోపలి భావం ఫలానా అని నమ్మకంగా చెప్పలేమన్నది దాని సారాంశం. ముఖం కన్నా గడియారం ఎక్కువ చెబుతుంది. ఎప్పుడు మొదలైంది, దేనితో తగ్గింది, ఎవరు గదిలోకి వస్తే మళ్లీ వచ్చింది అన్నవి గమనించాల్సిన సంగతులు.

ఉదాహరణకు ఒక శనివారాన్ని ఊహించుకుందాం. అబ్బాయిది తణుకు. అమ్మాయిది వరంగల్. ఇద్దరూ గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేస్తున్నారు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి అబ్బాయి ఇంటికి చేరారు. ఇంట్లో అమ్మ, నాన్న, డిగ్రీ చదివే చెల్లెలు. మధ్యాహ్నం భోజనానికి పెద్దమ్మ వస్తుంది.

ఎనిమిదింటికి ముందు గదిలో కూర్చోబెట్టారు. నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి, "ఏం చదువుకున్నావమ్మా?" అని అడిగి, జవాబు విని, తల కూడా ఊపకుండా కిటికీ వైపు చూశారు. అమ్మాయి చేతిలో కాఫీ కప్పు సాసరు మీద చిన్నగా టకటకమంటోంది. అడిగినదానికీ అడగనిదానికీ "అవునండీ" అంటోంది. నవ్వు రాని చోట నవ్వింది. పెసరట్టు పెడితే సగం తిని, నీళ్లు మాత్రం రెండు గ్లాసులు తాగింది. "ఇంకోటి వేసుకో తల్లీ, నచ్చలేదా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది.

నచ్చకపోవడం కాదది. ఎవరో మనల్ని తూకం వేస్తున్నారు అనిపించిన క్షణంలో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, అరచేతులు చెమర్చుతాయి. లాలాజలం తగ్గి నోరు ఎండుకుపోతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. నోరు పొడారిపోయిన మనిషికి పెసరట్టు మింగడం కూడా పనే. మన ఇళ్లలో తినకపోవడాన్ని వంటకు పెట్టిన వంకగానో, మనిషి మీద అయిష్టంగానో తీసుకుంటారు కాబట్టి మొదటి అపార్థం తరచు కంచం దగ్గరే పుడుతుంది.

ఈ తరహా బెరుకును ప్రయోగశాలలో కావాలని పుట్టించే పద్ధతి ఒకటుంది. 1993లో జర్మనీలోని ట్రయర్ విశ్వవిద్యాలయానికి చెందిన కిర్ష్‌బౌమ్, పిర్కె, హెల్‌హామర్ దాన్ని రూపొందించారు. ఒక ఉద్యోగానికి తాను ఎందుకు తగినవాడో చెబుతూ ముక్కూమొహం తెలియని పరిశీలకుల ముందు అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ లెక్క పైకి చెప్పాలి. తప్పితే "ఆగండి, 1022 నుంచి మళ్లీ" అంటారు. అసలు కీలకం ఆ పరిశీలకుల్లో ఉంది. వాళ్లు కోప్పడరు, వెక్కిరించరు. ముఖంలో ఏ భావమూ కనిపించకుండా కూర్చుంటారు, అంతే. అంతమాత్రానికే ఎక్కువమందిలో గుండె వేగం, కార్టిసాల్ అనే హార్మోను రెండూ పెరుగుతాయి. తర్వాత 2004లో డికర్సన్, కెమెనీ అనే పరిశోధకులు ఇలాంటి 208 అధ్యయనాలను కలిపి చూశారు. ఇతరులు మనల్ని అంచనా వేస్తుండటం, ఫలితం మన చేతిలో లేకపోవడం అనే రెండూ కలిసినప్పుడే కార్టిసాల్ అన్నిటికన్నా ఎక్కువగా పెరుగుతోందని తేలింది.

కిటికీ వైపు చూస్తున్న నాన్నగారు ఆ పరిశీలకుల కుర్చీలోనే కూర్చున్నారన్న సంగతి ఆయనకు తెలియదు. నిజానికి ఆయనకూ ఏం మాట్లాడాలో తోచక అలా ఉండి ఉంటారు. పెద్దవాళ్ల బెరుకు లెక్కలోకి రాదు గానీ, మాట పెగలని తండ్రి, అడక్కుండానే వడ్డిస్తూ పోయే తల్లి చాలాసార్లు ఆ కోవలోకే వస్తారు.

ట్రయర్ పరీక్షలో మరో విషయం ఉంది. పరీక్ష ముగిశాక గుండె వేగం త్వరగానే దిగుతుంది. కార్టిసాల్ మాత్రం ముగిసిన పది, ఇరవై నిమిషాలకు గరిష్ఠానికి చేరి, ఆపైన గంటో ఆ పైనో పట్టి మామూలు స్థాయికి వస్తుంది. అంటే బెరుకుకు ఒక ఆకారం ఉంది. మొదట్లో ఎక్కి, కొంతసేపు నిలిచి, కొత్తగా తూకం వేసేవాళ్లెవరూ రాకపోతే దిగిపోతుంది. అందుకే అరగంటలో తీర్పు చెప్పకూడదు. ఆ సమయంలో "ఏంటలా ఉన్నావు, మామూలుగా ఉండు" అని పక్కనుంచి గిల్లడం ఇంకా నష్టం. తన బెరుకు అందరికీ కనబడిపోతోందన్న భయాన్ని అది రెట్టింపు చేస్తుంది. ఉపన్యాసం ఇవ్వబోయే విద్యార్థులకు "మీ కంగారు మీరనుకున్నంతగా ఎదుటివాళ్లకు కనిపించదు" అని ముందే చెబితే వాళ్లు మెరుగ్గా మాట్లాడారని సావిట్‌స్కీ, గిలోవిచ్ 2003లో చూపించారు. ఇంటి గుమ్మంలోనూ ఆ మాటే పనికొస్తుంది.

మళ్లీ తణుకు వద్దాం. తొమ్మిదిన్నరకి అమ్మాయి వంటింట్లోకి వెళ్లింది. చెల్లెలు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఆమె పక్కన చేరి తానూ తీయడం మొదలుపెట్టింది. చేతికి పని దొరికింది, కళ్లు ఎక్కడ పెట్టుకోవాలన్న బాధ తప్పింది. పది నిమిషాలకు "ఆంటీ, మా అమ్మ ఇందులో నువ్వులపొడి వేస్తుంది" అంది. పదింటికి హాస్టలు కబుర్లు చెబుతోంది. పదిన్నరకు ఆకలేస్తోందని తనే ఒక అరటిపండు తీసుకుంది. బెరుకు దిగిందనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు. ఆకలి తిరిగొచ్చింది, అడగని సంగతులు చెబుతోంది, తనంతట తాను ఒక వస్తువు తీసుకుంది. ఆ మధ్యలో అబ్బాయి వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి "టెన్షన్ పడకు, మావాళ్లు మంచివాళ్లే" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ మాట పనిచేసింది.

పన్నెండింటికి పెద్దమ్మ వచ్చింది. బుగ్గలు నిమిరింది, బాగుందంది, కూర్చోబెట్టుకుంది. "మీ ఇంటిపేరేంటమ్మా?" అనడిగింది. అమ్మాయి చెప్పింది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి, "అంటే మీరు..." అని వాక్యం పూర్తి చేయకుండా తోడికోడలి వైపు చూసింది. మాట అంతటితో ఆగింది. గదిలో ఉన్న అందరికీ ప్రశ్న ఏమిటో అర్థమైంది. తెలుగు నేల మీద ఇంటిపేరు అడగడమంటే చాలాసార్లు కులం అడగడమే. భోజనాల దగ్గర అమ్మాయి నోట "గిట్లనే" అన్న మాట దొర్లితే పెద్దమ్మ దాన్ని రెండుసార్లు అనుకరించి నవ్వింది. పక్కవాళ్లూ నవ్వారు. అబ్బాయి కూడా నవ్వాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో గమనించాలి. అమ్మాయి మళ్లీ తక్కువ మాట్లాడింది, మళ్లీ కొంచెమే తింది. పైకి చూస్తే పొద్దున్న ఎనిమిదింటి దృశ్యమే. కానీ చేతులు వణకడం లేదు, నవ్వు రాని చోట నవ్వడం లేదు. పొద్దున్న అందరినీ మెప్పించాలని ఎక్కువ ప్రయత్నించిన మనిషి ఇప్పుడు ఆ ప్రయత్నమే మానేసింది. "తలనొప్పిగా ఉంది" అని లోపల గదిలోకి వెళ్లింది. సాయంత్రం చెల్లెలితో డాబా మీద ఉన్నంతసేపూ హాయిగా మాట్లాడింది. కింద నుంచి పెద్దమ్మ గొంతు వినబడగానే ఫోను చేతిలోకి తీసుకుంది. ఒకే ఇల్లు, ఒకే మనుషులు. మారింది ఒక్కరి రాకపోకలు.

ఇబ్బందికి కాలంతో కన్నా కారణంతోనే లంకె. కారణం గదిలోకొస్తే వస్తుంది, వెళ్తే తగ్గుతుంది. బెరుకు అలా కాదు. అది మొత్తం సందర్భం మీద పరుచుకుని ఉంటుంది, ఎవరు ముందున్నా కాస్తో కూస్తో ఉంటుంది, పరిచయం పెరిగేకొద్దీ పలుచబడుతుంది. మధ్యాహ్నానికి నెమ్మదించిన మనిషి రెండింటికి మళ్లీ బిగుసుకుపోతే, "ఇంకా బెరుకు పోలేదు" అనుకోవడం కన్నా పన్నెండుకీ రెండుకీ మధ్య ఏం జరిగిందని వెతకడం మేలు.

అబ్బాయి వెతకలేదు. గదిలోకి వెళ్లి పొద్దున్నటి మాటే అన్నాడు: "టెన్షన్ పడకు, పెద్దమ్మ మనసు మంచిది." ఈసారి ఆమె నవ్వలేదు, "సరే" అంది. ఇక్కడే తేడా బయటపడింది. ధైర్యం చెబితే బెరుకు తగ్గుతుంది, ఎందుకంటే బెరుకులో ఉన్న మనిషికి కావాల్సింది "నువ్వు బాగానే ఉన్నావు" అన్న భరోసా. ఇబ్బంది పడుతున్న మనిషికి ఆ భరోసా అక్కర్లేదు. తన ప్రవర్తన మీద ఆమెకు అనుమానం లేదు, జరిగినదాని మీద అభ్యంతరం ఉంది. అలాంటప్పుడు చెప్పే ధైర్యం "తప్పు నీ మనసులోనే ఉంది" అన్నట్టు వినిపిస్తుంది. మనిషి ఇంకా ముడుచుకుంటుంది. ఓదార్చిన తర్వాత మాటలు పెరిగాయా, తగ్గాయా అన్నది ఎవరైనా చూసుకోగల పరీక్ష.

ఇంత కళ్లెదుట ఉన్నదాన్ని అతను ఎందుకు చూడలేదంటే, చూడకపోవడంలో అతనికి లాభం ఉంది. 1995లో సింప్సన్, ఇక్స్, బ్లాక్‌స్టోన్ ప్రేమలో ఉన్న జంటలపై ఒక ప్రయోగం చేశారు. ఒకరి సమక్షంలో మరొకరు ఇతరుల అందానికి మార్కులు వేయాలి. ఆ తర్వాత భాగస్వామి మనసులో అప్పుడేం మెదిలిందో ఊహించి చెప్పాలి. తమ బంధాన్నే కుదిపే పరిస్థితి ఎదురైన జంటలు ఒకరి మనసు ఒకరు చదవడంలో బాగా వెనకబడ్డాయి. నిజం తెలిస్తే నొప్పి కలిగేచోట మనసు దాన్ని చూడనివ్వదు. పెద్దమ్మ అన్నది తప్పని ఒప్పుకుంటే ఆ అబ్బాయి పెద్దమ్మతో మాట్లాడాల్సి వస్తుంది. అంతకన్నా "బెరుకు" అనుకోవడం సుఖం.

తిరుగు ప్రయాణంలో వచ్చే ప్రశ్నలు మరో ఆధారం. బెరుకు పడినవాళ్లు తమ గురించి అడుగుతారు: "నేను సరిగ్గా మాట్లాడానా? మీ నాన్నగారికి నచ్చానా? ఆ పెసరట్టు వదిలేశానని మీ అమ్మ ఏమైనా అనుకుందా?" పరీక్ష రాసొచ్చినవాళ్లు జవాబులు సరిచూసుకున్నట్టే. ఇబ్బంది పడినవాళ్లు తమ మార్కులు అడగరు. "మీ పెద్దమ్మ తరచూ వస్తుంటుందా?" అనో, "దసరాకి నేను కూడా రావాలా?" అనో అడుగుతారు. లేదా అసలేమీ అడగకుండా కిటికీకి తల ఆనించి నిద్రపోతారు. రాత్రి బస్సు అలసట కూడా అలాగే ఉంటుంది కాబట్టి ఈ ఒక్క గుర్తునే పట్టుకుని నిర్ణయానికి రాకూడదు.

అడిగి తెలుసుకోవడమే చివరికి మార్గం, కాకపోతే అడిగే తీరు ఉంది. "ఎలా ఉంది మా ఇల్లు?" అంటే "బాగుంది" తప్ప మరో జవాబు రాదు. ఇంట్లో, పక్కగదిలో అమ్మానాన్నలు ఉండగా అడిగినా అంతే. మర్నాడు, ఇద్దరూ ఊపిరి తీసుకున్నాక, ఒక్క సందర్భాన్ని పట్టుకుని అడగాలి: "పెద్దమ్మ ఇంటిపేరు అడిగి ఆగిపోయింది కదా, అప్పుడు నీకేమనిపించింది?" చూశాననీ, గుర్తుందనీ ఆ ప్రశ్నలోనే తెలుస్తుంది. జవాబు వస్తున్నప్పుడు "ఆమె ఉద్దేశం అది కాదు" అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది. ఆపుకోవాలి. ఉద్దేశం ఏమిటన్నది వేరే సంగతి, ముందు వినాల్సింది ఏం జరిగిందన్నది.

ఈ లెక్కలన్నిటికీ హద్దులున్నాయి. ట్రయర్ పరీక్షనే అయిదు రోజులు వరసగా పెట్టినప్పుడు చాలామందిలో రెండో రోజుకే కార్టిసాల్ స్పందన బాగా తగ్గింది, కొందరిలో మాత్రం తగ్గలేదు. అలాంటివాళ్లు మూడోసారి వచ్చినా మొదటిసారిలాగే ఉండవచ్చు. హోటల్లో ఆర్డరివ్వడానికీ, ఆఫీసు మీటింగులో నోరు విప్పడానికీ ఇదే భయం ఉండి, అది ఆరు నెలలకు పైగా సాగుతూ బతుకును కుదిస్తుంటే అది సామాజిక ఆందోళన రుగ్మత కావచ్చు. దానికి చికిత్స ఉంది, మానసిక వైద్యులను కలవాలి. మీ ఇంటికి దానితో సంబంధం లేదు. భాష రాని భాగస్వామి అయితే మరో చిక్కు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన తెలుగు పిల్లలు తీసుకొచ్చే మనిషి చుట్టూ రెండు గంటలు తెలుగు కబుర్లు సాగుతాయి. మధ్యలో తన పేరు వినబడుతుంది, అందరూ నవ్వుతారు, ఎందుకో ఎవరూ చెప్పరు. అలాంటి మౌనాన్ని బెరుకనడం అన్యాయం. పక్కన కూర్చుని నాలుగు మాటలు తర్జుమా చేస్తే తీరిపోయే ఇబ్బంది అది.

తీరిపోనిదీ ఉంది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో, కులాంతర వివాహం చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి భార్య ఎదుటే నరికి చంపారు. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ వార్త చదివి పెరిగిన దళిత యువకుడో యువతో పై కులంగా చెప్పుకునే ఇంట్లో అడుగుపెట్టి, తనకు మాత్రమే విడిగా తెచ్చిన గ్లాసు చూసి బిగుసుకుపోతే దాన్ని నరాల బలహీనతగా చూడటం తెలివితక్కువతనం. అతను ఇల్లు వదిలి వెళ్దామంటే వెంటనే బయల్దేరాలి. కారణాలు తర్వాత మాట్లాడుకోవచ్చు.

మిగతా ఇళ్లలో చేయాల్సినవి చిన్న పనులే. బెరుకు కోసమైతే మొదటి రాక రెండు మూడు గంటలకు మించకుండా చూడాలి, ఎవరెవరు ఉంటారో, ఎవరిని ఏమని పిలవాలో ముందే చెప్పాలి, వచ్చాక చేతికి ఏదో ఒక పని అందించాలి. నాన్నగారితో కూడా ముందు ఒక మాట అనుకోవాలి: అమ్మాయి ఏదైనా చెబితే కాస్త తలూపమని. ఇబ్బంది కోసమైతే వచ్చిన మనిషి చేయాల్సింది ఏమీ లేదు. తణుకు అబ్బాయి ఇంటిపేరు ప్రశ్న దగ్గరే "పెద్దమ్మా, అవన్నీ నన్నడుగు, నేను చెబుతా" అని ఉండాల్సింది. భోజనాల దగ్గర నవ్వకుండా ఉండాల్సింది. ఆ రెండూ తప్పాయి కాబట్టి ఇప్పుడు తానొక్కడే తణుకు వెళ్లి పెద్దమ్మతో ఆ మాట మాట్లాడాలి. అది జరిగే వరకు ఆ అమ్మాయిని దసరాకి రమ్మనే హక్కు అతనికి లేదు.